బాబు కేసు ఏ కోర్టుది? టెక్సాస్‌దా, విజయవాడదా?

ఈ ఎపిసోడ్ మాట్లాడినది మాట్లాడినట్టే రాసి పెడుతున్నాం. వినడానికి వీలు లేనివాళ్ళు తీరిగ్గా చదువుకోవచ్చు.

పోయిన వారం నాకు రెండు వాయిస్ మెసేజీలు వచ్చాయి. రెండూ విన్నాక కాసేపు ఏం చెప్పాలో తోచలేదు. పేర్లు చెప్పను, వివరాలు కూడా కొంచెం మార్చాను.

మొదటిది టెక్సాస్ నుంచి, ఒక తండ్రి. బాబుకి నాలుగేళ్ళు, అక్కడే పుట్టాడు. మే 18న భార్య, బాబు విజయవాడ వెళ్ళారు, ఆమె తమ్ముడి పెళ్ళి కోసం. ఆగస్టు 10న తిరిగి రావడానికి టికెట్లు ఉన్నాయి. రాలేదు. "మేం ఇంక రాం, బాబుని ఇక్కడ స్కూల్లో వేశాం" అని మామగారు ఫోన్‌లో చెప్పారట. ఇది సెప్టెంబర్. ఆయన అడిగింది ఒకటే: "అన్నా, వాడికి అమెరికన్ పాస్‌పోర్ట్ ఉంది కదా, ఇక్కడి కోర్టులో ఆర్డర్ తీసుకుంటే అక్కడి పోలీసులు పంపించేస్తారా?"

రెండోది హైదరాబాద్ నుంచి, ఒక తల్లి. ఆమె కూడా అమెరికా నుంచి పాపతో వచ్చేసింది. భర్త కొట్టేవాడని చెప్పింది. "ఆయన అక్కడ ఆర్డర్ తెచ్చుకున్నాడండి. ఎవరైనా వచ్చి నా పాపని తీసుకెళ్ళిపోతారా? రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు" అంది.

ఇద్దరి ప్రశ్నా ఒకటే. పిల్లల సంగతి తేల్చే కోర్టు ఏది? నేను హైదరాబాద్‌లో ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేసి ఇక్కడికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఇక్కడి లా ఆఫీసులో ఇండియాతో ముడిపడిన ఫైళ్ళు చూస్తుంటాను. రెండు వైపులా ఏం జరుగుతుందో తెలిసింది చెప్తాను. మీ కేసుకి మీ లాయర్ మాటే ఫైనల్.

ముందు పాస్‌పోర్ట్ సంగతి. హేగ్ ఒప్పందం అని 1980లో వచ్చింది. ఒక దేశం నుంచి బిడ్డను ఇంకో దేశానికి తీసుకెళ్ళి తిరిగి పంపకపోతే, ఆ బిడ్డను త్వరగా వెనక్కి పంపించి, మొదటి దేశం కోర్టులోనే కస్టడీ తేల్చాలని దాని సారాంశం. అమెరికా, బ్రిటన్ అందులో ఉన్నాయి. ఇండియా లేదు. అందుకని టెక్సాస్ జడ్జి "బాబుని పంపండి" అని ఆర్డర్ రాసినా, విజయవాడ పోలీసులు ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్ళి బాబుని తేరు. ఆ తల్లికి కూడా నేను ముందు చెప్పింది ఇదే. అమెరికా ఆర్డర్ చూపించి మీ గుమ్మంలోకి ఎవరూ రాలేరు. పాపని పంపాలా వద్దా అనేది ఇండియాలో కోర్టే చెప్పాలి. బాబు పాస్‌పోర్ట్ రంగు కూడా ఒక విషయమే గానీ, కేసు దాంతో తేలిపోదు.

అలాగని అమెరికా ఆర్డర్ చిత్తు కాగితం కాదు. ఇండియా కోర్టు దాన్ని చదువుతుంది, లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి రెండు వైపులా చూడాలి.

అమెరికా వైపు నుంచి మొదలుపెడదాం. కస్టడీ కేసు ఏ కోర్టు వినాలనేదానికి ఇక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఒకే రకం చట్టం ఉంది. టెక్సాస్‌లో కూడా అదే. పొట్టిగా యూసీసీజేఈఏ అంటారు. దాని లెక్క చాలా సింపుల్. కేసు వేసే రోజుకి ముందు వరసగా ఆరు నెలలు బిడ్డ ఎక్కడ ఉన్నాడో, ఆ రాష్ట్రం బిడ్డకి 'హోమ్ స్టేట్'. బిడ్డ వెళ్ళిపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉంటే, వెళ్ళిన రోజు నుంచి ఆరు నెలల లోపు అదే కోర్టులో కేసు వేసుకోవచ్చు. సెలవులకి ఊరెళ్ళి రావడం లాంటివి 'తాత్కాలికంగా బయట ఉండటం' కింద పోతాయి, ఆరు నెలల లెక్క తెగదు.

మన టెక్సాస్ ఆయన కేసులో బాబు వెళ్ళింది మే 18. అంటే నవంబర్ 18 లోపు ఆయన పిటిషన్ కోర్టులో పడాలి. "పెళ్ళికి వెళ్ళారు కదా, ఆగస్టు దాకా సెలవులే, గడువు ఆగస్టు 10 నుంచి లెక్కపెట్టాలి" అని లాయర్ వాదించవచ్చు. గెలవవచ్చు కూడా. కానీ ఆ వాదన మీద బాబు భవిష్యత్తు పెట్టకూడదు. మే 18 నుంచే లెక్కపెట్టుకోండి. ఎందుకంటే ఈ చట్టం విదేశాన్ని కూడా ఒక అమెరికన్ రాష్ట్రం లాగే చూస్తుంది. ఆరు నెలలు దాటాక "బాబుకి హోమ్ స్టేట్ ఇప్పుడు ఇండియానే కదా" అని అవతలి లాయర్ అనే వీలుంటుంది. అప్పుడు టెక్సాస్ కోర్టు కేసు వినడానికే ఒప్పుకోకపోవచ్చు.

ఇక్కడ నేను ఎక్కువగా చూసే తప్పు ఏంటంటే, పెద్దమనుషుల కోసం ఆగడం. బాబాయి వెళ్ళి మాట్లాడతాడు, దసరాకి మామగారు మెత్తబడతారు, సంక్రాంతికి పంపిస్తారు. ఇలా ఒక పండగ మీద ఒక పండగ వెళ్ళిపోతుంది. మాట్లాడుకోవద్దని నేను అనను. రాజీ కుదిరితే అంతకన్నా మంచిది లేదు. కానీ కేసు వేసి మాట్లాడుకోండి. రాజీ కుదిరితే కేసు వెనక్కి తీసుకోవచ్చు, గడిచిన నెలల్ని మాత్రం వెనక్కి తేలేరు.

ఇంకో తప్పు నోటీసు దగ్గర జరుగుతుంది. కేసు వేశాక భార్యకి నోటీసు ఇవ్వాలి. కొరియర్‌లో పంపేసి, వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టేసి "చేరింది, బ్లూ టిక్ పడింది" అనుకుంటారు. కోర్టు కాగితాలు విదేశాలకు పంపడం గురించి ఇంకో హేగ్ ఒప్పందం ఉంది, అందులో ఇండియా ఉంది. పోస్టులో పంపితే ఒప్పుకోనని ఇండియా అభ్యంతరం చెప్పింది. ఢిల్లీలో అందుకోసం ఉన్న ప్రభుత్వ విభాగం ద్వారా పంపాలి. నెలలు పడుతుంది, విసుగొస్తుంది. అయినా అలాగే చెయ్యాలి. ఎందుకంటే మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ ప్రకారం, అవతలి మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా వచ్చిన విదేశీ తీర్పుకి విలువ పోతుంది. అడ్డదారిలో త్వరగా తెచ్చుకున్న ఆర్డర్ ఇండియాలో మీ మీదకే తిరుగుతుంది.

ఇప్పుడు ఇండియా వైపు. అక్కడ కస్టడీ పిటిషన్ వెయ్యాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. దాని 9వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: మైనర్ 'సాధారణంగా నివసించే' చోట ఉన్న కోర్టే కేసు వినాలి. కేసు వేసిన రోజున బిడ్డ ఎక్కడ నిద్రపోయాడని కాదు అడిగేది. ఈ గొడవ రాకపోయుంటే బిడ్డ మామూలుగా ఎక్కడ ఉండేవాడు అని. ఇందులో ఆరు నెలలు, ఏడాది అని లెక్క రాసి లేదు. గల్ఫ్ నుంచి వినేవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. అమెరికా ఆరు నెలల లెక్క మీది కాదు, కానీ బిడ్డని తీసుకుని కరీంనగర్ వెళ్ళి అక్కడ కేసు వేస్తే ఈ 9వ సెక్షన్ ప్రశ్నే వస్తుంది.

ఈ మాటకి అర్థం ఏంటో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు 2019 మార్చి 15న వచ్చింది. ఇద్దరూ మన తెలుగువాళ్ళే. హైదరాబాద్‌లో పెళ్ళి, పెన్సిల్వేనియాలో కాపురం, ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టారు. గొడవలొచ్చి 2016 డిసెంబర్‌లో భార్యే అక్కడి కౌంటీ కోర్టులో విడాకులకి, పిల్లల కస్టడీకి కేసు వేసింది. 2017 మార్చిలో వాళ్ళ ఇంట్లో పెద్దావిడ చనిపోతే పిల్లలతో హైదరాబాద్ వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకి తిరుగు టికెట్ ఉంది. ఆ టికెట్ తేదీ రాకముందే, ఏప్రిల్ 12న, హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో కస్టడీ కావాలని పిటిషన్ వేసింది. అటు తర్వాత పిల్లల్ని తిరిగి తీసుకురమ్మని అమెరికా కోర్టు ఆర్డర్ ఇచ్చింది. భర్త ఇక్కడ హైకోర్టుకి వెళ్ళాడు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాద్‌లో పిటిషన్ వేసేనాటికి పిల్లలు వచ్చి మూడు వారాలైనా సరిగ్గా కాలేదు. అంతకుముందు వాళ్ళ జీవితమంతా పెన్సిల్వేనియాలోనే. పైగా అక్కడి కోర్టు ఈ కేసు వినాలని మొదట అడిగింది ఆమే. అందుకని పిల్లలు సాధారణంగా నివసించే చోటు హైదరాబాద్ కాదని హైకోర్టు అంది, సుప్రీంకోర్టు సరే అంది. పిల్లల్ని అమెరికా తీసుకెళ్ళాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికి పిల్లలు హైదరాబాద్‌లో దాదాపు రెండేళ్ళు ఉన్నారు. అయినా వాళ్ళది చిన్న వయసు, ఇక్కడ వేళ్ళూనుకోలేదని కోర్టు భావించింది.

ఇది విని తండ్రులు "అయితే మనదే గెలుపు" అనుకోవద్దు. దానికి రెండేళ్ళ ముందు, 2017 జులైలో, అదే సుప్రీంకోర్టు ఒక బ్రిటన్ కేసులో ఇంకో రకంగా చెప్పింది. తల్లి ఏడేళ్ళ లోపు కూతుర్ని తీసుకుని ఢిల్లీ వచ్చేసింది. భర్త హింసిస్తున్నాడని ఆమె ఫిర్యాదు. పాప గుండె సమస్యతో ఉంది. పాపని వెనక్కి తేవాలని లండన్ కోర్టు ఆర్డర్ ఉంది. ఢిల్లీ హైకోర్టు పంపించమంది. సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. విదేశీ కోర్టు ఆర్డర్ అనేది చూడాల్సిన విషయాల్లో ఒకటి మాత్రమే, అన్నిటికన్నా పైది బిడ్డ క్షేమం అంది. తల్లి కూడా సహజ సంరక్షకురాలే, ఆమె దగ్గర బిడ్డ ఉండటం దానంతటదే అక్రమ నిర్బంధం అయిపోదు అంది. కస్టడీ సంగతి తేలాలంటే ఇక్కడి కోర్టులోనే పూర్తిగా సాక్ష్యాలు విని తేల్చుకోమంది.

మరి ఒకే కోర్టు రెండు రకాలుగా ఎందుకంది? లోపల జరిగేది చూస్తే అంత వింత కాదు.

తండ్రి ఇండియాలో వేసేది మామూలుగా హెబియస్ కార్పస్ పిటిషన్. బిడ్డ ఉన్న రాష్ట్రం హైకోర్టులో వేస్తారు. విజయవాడ అయితే అమరావతిలో ఉన్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. హైకోర్టు ముందు రెండు దార్లు ఉంటాయి. ఒకటి, పైపైన విచారణ చేసి, "ఈ పిల్లల ఊరు అది, అక్కడి కోర్టే తేల్చాలి" అని పంపించెయ్యడం. రెండోది, బిడ్డకి ఎక్కడ మంచిదో లోతుగా చూడటం. మొదటి దారి దొరకాలంటే తండ్రి వెంటనే వచ్చి ఉండాలి, బిడ్డ కొత్త ఊళ్ళో వేళ్ళూనుకోకుండా ఉండాలి, తిరిగి పంపితే బిడ్డకి హాని ఉండకూడదు. ఆలస్యం అయిన కొద్దీ, హాని గురించిన మాట గట్టిపడిన కొద్దీ కోర్టు రెండో దారి పడుతుంది. రెండో దారిలో అమెరికా ఆర్డర్ ఒక కాగితం, స్కూల్ రిపోర్ట్ ఒక కాగితం, డాక్టర్ చీటీ ఒక కాగితం. అన్నీ కలిపి తూకం వేస్తారు.

ఆలస్యం గురించి ఒక ముక్క. ఆ ఆలస్యం ఎవరివల్ల అయిందో కూడా కోర్టు చూస్తుంది. 2009 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన న్యూయార్క్ కేసు ఉంది. ఇద్దరూ ఒప్పుకుని కోర్టులో కస్టడీ ఆర్డర్ రాయించుకున్న పది రోజులకి, 2007 జూన్‌లో, తల్లి బాబుని తీసుకుని ఇండియా వచ్చేసింది. తర్వాత ఎక్కడున్నారో తెలియలేదు. చివరికి సీబీఐ వెతికి చెన్నైలో పట్టుకుంది. అప్పటికి రెండేళ్ళు దాటింది. కానీ ఆ రెండేళ్ళూ తండ్రి ఊరుకున్నవి కావు. బాబుని అమెరికా పంపమనే కోర్టు చెప్పింది.

ఆ తీర్పులో మన తల్లులందరూ తెలుసుకోవాల్సిన భాగం ఇంకోటుంది. కోర్టు ఊరికే "వెళ్ళు" అనలేదు. ప్రయాణం ఖర్చు తండ్రి పెట్టుకోవాలంది. అక్కడి కోర్టు తేల్చేదాకా తల్లి ఉండటానికి ఇల్లు తండ్రి చూడాలంది. అప్పటిదాకా ఇద్దరూ ఒప్పుకుని రాయించుకున్న ఆ కస్టడీ ఆర్డర్ ప్రకారమే ఆమె నడుచుకోవాలంది. ఆమె మీద ఉన్న వారెంట్లు తీసెయ్యమని తండ్రే అడగాలంది, క్రిమినల్ కేసు నడపకూడదంది. అంటే తిరిగి పంపడం అంటే బిడ్డని తండ్రి చేతిలో పెట్టడం కాదు. ఏ కోర్టు తేల్చాలో చెప్పడం. కస్టడీ కథ అక్కడికి వెళ్ళాకే మొదలవుతుంది.

ఇప్పుడు హైదరాబాద్ చెల్లెమ్మ విషయం. భర్త కొట్టేవాడని కోర్టులో ఒక్క మాట చెప్తే సరిపోదు, అవతలివాళ్ళు "కేసు పడ్డాక అల్లిన కథ" అంటారు. అమెరికాలో ఉన్నప్పుడు ఎప్పుడైనా 911కి ఫోన్ చేశారా? డాక్టర్‌కి చూపించారా? అప్పట్లో అక్కకి, స్నేహితురాలికి పంపిన మెసేజీలు, ఫొటోలు ఉన్నాయా? బయల్దేరకముందు తేదీలు ఉన్న కాగితం ఒక్కటైనా బయల్దేరాక రాసిన పది పేజీల అఫిడవిట్ కన్నా బరువుంటుంది. ఫోన్ మార్చినా పాత ఫోన్ పారెయ్యొద్దు. ఇంకోటి, అమెరికా కోర్టు నుంచి కాగితాలు వస్తే ముట్టుకోకుండా ఉంటే పోతాయనుకోవద్దు. అక్కడ లాయర్ ద్వారా "ఈ కోర్టుకి అధికారం లేదు, నాకు భయం ఉంది" అని చెప్పుకోవాలి. మీరు లేకుండా కేసు ముందుకి పోతే ఆర్డర్ ఏకపక్షంగా వస్తుంది. అమెరికాలో బిడ్డని తల్లిదండ్రుల్లో ఒకరి హక్కుకి అడ్డుపడేలా దేశం దాటించడం ఫెడరల్ నేరం కూడా, మూడేళ్ళ దాకా జైలు ఉండవచ్చు. హింస నుంచి తప్పించుకోవడానికి వచ్చామనే వాదన ఆ చట్టంలోనే ఉంది, కానీ అది చెప్పుకోవాల్సింది మీరే. అన్నీ సరే గానీ పంపాల్సి వచ్చేలా ఉందనిపిస్తే, 2009లో పెట్టినట్టు ఇల్లు, ఖర్చు, కేసులు ఎత్తెయ్యడం, ఇవన్నీ కోర్టు ఆర్డర్‌లోనే రాయించుకోవాలి. ముఖ్యంగా వీసా. చాలామంది హెచ్4 మీద ఉంటారు, అది భర్త వీసాకి కట్టి ఉంటుంది. తల్లి ఆ దేశంలోకి వెళ్ళలేకపోతే "బిడ్డతో వెళ్ళు" అన్న మాటకి అర్థం లేదు. ఆ సంగతి జడ్జికి ముందే చెప్పండి.

టెక్సాస్ తమ్ముడికి కూడా వీసా దగ్గరే చెప్తున్నా. కోపంలో భార్య వీసా కాన్సిల్ చేయిస్తానన్నావు. చెయ్యకు. రేపు హైకోర్టులో "ఆమెని రమ్మంటున్నావు, దారి నువ్వే మూశావు కదా" అని అడిగితే నీ దగ్గర జవాబు ఉండదు. నీ ఫైల్‌లో ఉండాల్సినవి వేరే: ఆగస్టు 10 తిరుగు టికెట్, టెక్సాస్‌లో బాబు డేకేర్ రసీదులు, పిల్లల డాక్టర్ రికార్డులు, సెప్టెంబర్‌లో చేరాల్సిన ప్రీకే అడ్మిషన్, "ఆగస్టులో వచ్చేస్తాం" అని ఆమె పంపిన మెసేజ్. బాబు ఊరు ఏదో చెప్పేవి అవే. ఇంకా, రోజూ బాబుతో వీడియో కాల్ అడుగు, మర్యాదగా, రాతపూర్వకంగా. ఇవ్వకపోతే ఆ తిరస్కారం కూడా రికార్డే. కస్టడీ లేని తల్లికైనా తండ్రికైనా రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఇంకో అమెరికా కేసులో చెప్పింది. ఏ కోర్టుది కేసు అని తేలడానికి ఏడాది పట్టినా, ఆ ఐదు నిమిషాలు మాత్రం ఆగకూడదు. నాలుగేళ్ళ పిల్లాడు నాన్న గొంతు మర్చిపోవడానికి ఏడాది అక్కర్లేదు.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు ఇద్దరితోనూ మాట్లాడాను. ఆయన సోమవారం లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. క్యాలెండర్‌లో నవంబర్ 18 మీద ఎర్ర ఇంకుతో గీత పెట్టుకోమన్నాను. ఆమె పాత ఫోన్ అమెరికాలో స్నేహితురాలి ఇంట్లో ఉందట, తెప్పించుకుంటోంది. ఎవరిది న్యాయమో నేను చెప్పలేను, అది నా పని కాదు. కానీ మీలో ఎవరైనా ఈ వేసవికి పిల్లల్ని ఒక్కరితో ఊరికి పంపుతుంటే, ప్రయాణానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం మీద తిరిగొచ్చే తేదీ, బిడ్డ నివాసం ఫలానా ఊరు అన్న ఒక్క వాక్యం రాసుకోండి. ఇద్దరూ సంతకం పెట్టండి. నమ్మకం ఉన్నప్పుడు రాసుకుంటేనే అది తేలిక.

ప్రశ్నలుంటే ఎప్పటిలాగే వాయిస్ మెసేజ్ పంపండి. పేర్లు బయటికి రావు. ఉంటానండి.